చాట్ ముగించేలోపు

బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ రద్దు చేసుకున్న కొద్ది రోజులకు ఆ కంపెనీ యాప్ తెరిచి చూడండి. చాలాసార్లు లాగిన్ కాదు. ఖాతా మూసేశారు కాబట్టి మీ నంబరుతో కస్టమరు ఎవరూ లేరంటుంది. కస్టమర్ కేర్ ఏజెంటుతో మీరు చేసిన చాట్ అంతా ఆ ఖాతాలోనే ఉండేది. "మిగిలిన డబ్బు పది పనిదినాల్లో మీ అకౌంటులో పడుతుంది" అన్న మాటా అందులోనే ఉండేది. కంపెనీ సర్వరులో ఆ మాట ఇంకా ఉండి ఉండవచ్చు, కానీ దాన్ని తెరిచి చూడగలిగేది వాళ్లు మాత్రమే.

మిగతా కొనుగోళ్ల తగాదాలకూ రద్దు తగాదాకూ తేడా ఇక్కడే వస్తుంది. ఫ్రిజ్ పాడైతే ఫ్రిజ్ మన ఇంట్లోనే ఉంటుంది, బిల్లు బీరువాలో ఉంటుంది. కనెక్షన్ రద్దయ్యాక మన దగ్గర వస్తువంటూ ఏదీ మిగలదు. రావలసిన డబ్బుకు ఆధారం అవతలివాళ్లు ఇచ్చిన మాటే. కాబట్టి ఆ మాటను చాట్ నడుస్తుండగానే దక్కించుకోవాలి. తర్వాత తీరిగ్గా చేసుకుందాం అనుకునే పని కాదిది.

మా మేనల్లుడి వ్యవహారం చెబుతాను. మియాపూర్‌లో అద్దె ఫ్లాటులో ఉంటూ బ్రాడ్‌బ్యాండ్‌కు ఆరు నెలల ప్యాకేజీ ఒకేసారి కట్టాడు. నెలకు 800 చొప్పున 4,800 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 864, మొత్తం 5,664. రౌటర్ కోసం ఇంకో 1,500 డిపాజిట్. రెండు నెలలు తిరిగేసరికి పుణెకు బదిలీ అయింది. యాప్‌లో రద్దు చేసే బటన్ ఎక్కడా కనిపించలేదు, చాట్‌లో అడగమని ఉంది. అడిగాడు. ముందు ఏజెంట్ తక్కువ ధర ప్యాకేజీ చూపించాడు, తర్వాత కనెక్షన్‌ను పుణెకు మార్పిస్తానన్నాడు. చివరకు ఒప్పుకున్నాడు. వాడని నాలుగు నెలల డబ్బు పన్నుతో సహా 3,776 రూపాయలు పది పనిదినాల్లో వస్తుందని, రౌటర్ తీసుకెళ్లడానికి మనిషి వస్తాడని, డిపాజిట్ "రూల్స్ ప్రకారం" తిరిగి ఇస్తామని చెప్పాడు.

పది రోజులు కాదు, నెలన్నర గడిచింది. ఫోన్ చేస్తే, ముందుగా కట్టిన ప్యాకేజీ డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతే లేదన్నారు. "మీ ఏజెంటే చెప్పాడండీ" అంటే, అలాంటి హామీ ఇచ్చినట్టు తమ రికార్డులో లేదన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను, చాలవా?"

పంపమన్నాను. మూడు వచ్చాయి. మొదటిదాంట్లో ఏజెంట్ పలకరింపు, మా వాడి మొదటి ప్రశ్న ఉన్నాయి. రెండోదాన్ని వాట్సాప్‌లో స్నేహితుడికి చూపించడానికి పైనా కిందా కత్తిరించేశాడు. 3,776 అన్న అంకె కనిపిస్తోంది కానీ ఎవరి చాట్, ఏ రోజు, ఎవరన్నారు అన్నవి లేవు. మూడోది చివరి థ్యాంక్యూ. రెండోదానికీ మూడోదానికీ నడుమ ఏడెనిమిది వాక్యాలు ఎందులోనూ పడలేదు. రౌటర్ సంగతీ డిపాజిట్ సంగతీ ఆ మధ్యలోనే ఉన్నాయి.

ఆ బొమ్మలు అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ నిజమని నిరూపించడానికి చాలవు. కంప్యూటర్ బ్రౌజర్ మీద కాస్త పట్టున్న కాలేజీ కుర్రాడెవరైనా తెర మీద కనిపించే ఏ వాక్యాన్నయినా రెండు నిమిషాల్లో మార్చి దానికి స్క్రీన్‌షాట్ తీయగలడు. ఈ సంగతి కంపెనీ న్యాయ విభాగానికి తెలుసు, కమిషన్‌లో కూర్చున్నవాళ్లకూ తెలుసు. అందుకే కత్తిరించిన ఒక్క బొమ్మ మీద ఎవరూ తీర్పు నిలబెట్టాలనుకోరు. నమ్మకం వేరే చోట నుంచి వస్తుంది. చాట్ మొదటి పలుకు నుంచి చివరి పలుకు వరకు ఎక్కడా తెగకుండా ఉందా? అందులో మీ కస్టమర్ ఐడీ, తేదీ, సమయం, చాట్ నంబరు ఉన్నాయా? ఆ నంబరు పెట్టి వెతికితే కంపెనీ సొంత రికార్డులో కూడా అదే మాట దొరుకుతుందా? మూడో ప్రశ్నే అన్నిటికన్నా బలమైనది. మీ దగ్గరున్న ప్రతిని వాళ్ల దగ్గరున్న ప్రతితో పోల్చి చూడమని అడగగలిగారంటే, దాన్ని బయట పెట్టాల్సిన ఒత్తిడి వాళ్ల మీద పడుతుంది.

ఏజెంట్ పేరు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. చాట్‌లో కనిపించేది చాలాసార్లు ఒక్క ముక్క పేరు. అది అసలు పేరు కాకపోవచ్చు కూడా. రేపు ఆ మనిషి ఉద్యోగం మానేసినా చాట్ నంబరు మాత్రం మారదు. టెలికాం కంపెనీలైతే ప్రతి ఫిర్యాదుకు డాకెట్ నంబర్ ఇవ్వాలని ట్రాయ్ 2012 నిబంధనల్లోనే ఉంది. అడిగి తీసుకోవాలి.

మా వాడి అదృష్టం, అతను తెలియకుండానే ఒక మంచి పని చేశాడు. చాట్ ముగిసినప్పుడు మొత్తం సంభాషణ ఈమెయిల్‌కు పంపమంటారా అని తెర మీద అడిగితే అవునని నొక్కాడు. ఆ సంగతి మరిచిపోయాడు. అది ప్రమోషన్ మెయిళ్ల మధ్య పడి ఉంది. కంపెనీ చిరునామా నుంచి వచ్చిన మెయిల్, లోపల చాట్ నంబరు, మొదటి నుంచి చివరి దాకా ప్రతి వాక్యం పక్కన సమయం. దీన్నే ట్రాన్స్‌క్రిప్ట్ అంటారు. కంపెనీయే పంపింది కాబట్టి మా వాడు కల్పించాడని అనడానికి లేదు. ఆ మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి, చాట్ నంబరు రాసి, తమ రికార్డుతో సరిచూసుకోమని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేసి అదే మెయిల్ జత చేశాడు. తొమ్మిదో రోజున 3,776 రూపాయలు వచ్చాయి.

డిపాజిట్ మాత్రం పూర్తిగా రాలేదు. అడాప్టర్ మీద గీతలున్నాయని 500 కోసి వెయ్యి ఇచ్చారు. దీని మీద మా వాడు వాదించలేకపోయాడు, ఎందుకంటే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏజెంట్ అన్నది "రూల్స్ ప్రకారం" అని మాత్రమే. ఏ రూల్, ఎంత మొత్తం అని అప్పుడు అడగలేదు. ఆధారం చక్కగా దొరికింది, కానీ ఆ ఆధారంలో మాటే గట్టిగా లేదు.

ఈ ఒక్క చాట్‌లోనే రెండు రకాల మాటలూ ఉన్నాయి చూడండి. అంకె, గడువు ఉన్న మాట డబ్బు తెచ్చింది. "రూల్స్ ప్రకారం", "రిక్వెస్ట్ పెట్టాను", "పైవాళ్లకు పంపిస్తున్నాను", "సాధారణంగా వచ్చేస్తుందండీ" లాంటి వాటిని ఎంత పదిలంగా దాచినా అవి హామీలు కావు. ఏజెంట్లు ఇలా మాట్లాడటం చెడ్డతనమని నేను అనుకోను. వాళ్లకు ఇచ్చిన మాటల పట్టికే అలా ఉంటుంది. దాన్ని దాటించి ఖచ్చితమైన మాట రాబట్టాల్సింది మనమే, అదీ చాట్ మూయకముందే.

దానికి మంచి పద్ధతి ఒకటుంది. అంతా మాట్లాడుకున్నాక, ఏజెంట్ "ఇంకేమైనా సహాయం కావాలా" అని అడిగినప్పుడు, విన్నదంతా మీరే ఒక్క సందేశంలో తిరగరాయండి. మా వాడి విషయంలో అది ఇలా ఉండాల్సింది: "నా కస్టమర్ ఐడీ ఫలానా. కనెక్షన్ ఈ రోజు, ఫలానా తేదీతో రద్దయింది. ఇకపై బిల్లు రాదు. 3,776 రూపాయలు పది పనిదినాల్లో, నేను డబ్బు కట్టిన ఖాతాకే వస్తాయి. రౌటర్ ఇచ్చిన ఏడు రోజుల్లో డిపాజిట్ 1,500 కోత లేకుండా వస్తుంది. ఇది సరైనదేనా? చాట్ నంబర్, రద్దు రిఫరెన్స్ నంబర్ ఇవ్వగలరా?" అవతలినుంచి "అవును" అన్న ఒక్క పదం వస్తే చాలు. సంభాషణ ఎంత పొడుగ్గా సాగినా, ఒప్పందం అంతా పక్కపక్కనే రెండు సందేశాల్లో పడుతుంది. అవునని చెప్పకుండా తప్పించుకుంటే, అదీ విలువైన సమాచారమే. ఎక్కడ తేడా వస్తుందో అప్పుడే తెలిసిపోతుంది, ఇంకా కస్టమరుగా ఉండగానే సూపర్‌వైజర్‌ను అడగవచ్చు.

ఆ సందేశాన్ని ముందే ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోవడం మంచిది. కొన్ని నిమిషాలు ఏమీ టైపు చేయకపోతే చాలా చాట్‌లు వాటంతటవే మూసుకుంటాయి. లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే, తిరిగి వచ్చేసరికి కొత్త ఏజెంట్, కొత్త నంబరు, కథ మళ్లీ మొదటికి.

ఇక భద్రపరచడం. ఈమెయిల్‌కు పంపే సౌకర్యం ఉంటే అన్నిటికన్నా ముందు అది వాడండి. మెయిల్ వచ్చిందో లేదో చాట్ మూయకముందే అడిగి, స్పామ్‌లో కూడా చూసుకోండి. కొన్ని చోట్ల చాట్ ముగిశాకే పంపుతారు కాబట్టి దాని మీదే ఆధారపడకుండా మీ చేత్తో ఇంకో ప్రతి తీసుకోండి.

ఫోన్‌లో అయితే విడివిడి స్క్రీన్‌షాట్ల కన్నా పొడవాటి స్క్రీన్‌షాట్ మేలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలు స్క్రీన్‌షాట్ తీయగానే కింద `Capture more` అనో, కిందికి చూపే బాణం గుర్తో వస్తుంది. దాన్ని నొక్కితే తెర దాటి కింద ఉన్నదీ కలుస్తుంది. కొన్ని యాప్‌లలో ఇది పనిచేయదు. అప్పుడు విడివిడిగానే తీయండి, కానీ ప్రతి బొమ్మలో పై బొమ్మలోని చివరి రెండు వాక్యాలు మళ్లీ కనిపించేలా చూడండి. అప్పుడు మధ్యలో ఏమీ దాచలేదని బొమ్మలే చెబుతాయి. పై అంచున గడియారం, యాప్ పేరు కనిపించాలి, కత్తిరించవద్దు. దీనితోపాటు స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ముందు మీ ప్రొఫైల్ పేజీలో కస్టమర్ ఐడీ చూపించి, తర్వాత చాట్‌ను పైనుంచి కిందికి నెమ్మదిగా జరపండి. ఒక నిమిషం పడుతుంది. నన్నడిగితే స్క్రీన్‌షాట్ల కన్నా ఇది గట్టిది, ఎందుకంటే ఆ ఖాతాకూ ఆ మాటకూ ఉన్న సంబంధం అతుకు లేకుండా కనిపిస్తుంది.

కొన్ని యాప్‌లు, ముఖ్యంగా బ్యాంకులవి, స్క్రీన్‌షాట్ తీయనివ్వవు, తెర నల్లగా వస్తుంది. ఇంట్లో మరో ఫోన్ తీసుకుని ఫొటో కొట్టండి.

కంప్యూటర్‌లో చాలామంది ప్రింట్ నొక్కి `Save as PDF` ఎంచుకుంటారు. ఆ పద్ధతి బాగుంది, అందులో `Headers and footers` అన్న గడిలో టిక్ పెడితే పేజీ అంచుల్లో తేదీ, వెబ్‌సైట్ చిరునామా కూడా అచ్చవుతాయి. కానీ చాట్ పేజీ మూలన చిన్న పెట్టెలో నడుస్తుంటే పీడీఎఫ్‌లో ఆ పెట్టెలో అప్పటికి కనిపిస్తున్న నాలుగు వాక్యాలే వస్తాయి, పైనున్నవి రావు. పీడీఎఫ్ వచ్చింది కదా అని మూసేయకుండా తెరిచి మొదటి వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే చాట్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి కాపీ చేసి మెయిల్‌లో అతికించండి, బొమ్మలూ జత చేయండి.

కంపెనీతో వాట్సాప్‌లో మాట్లాడితే ఆ చాట్ మెనూలో `Export chat` ఉంటుంది. సంభాషణ అంతా తేదీలతో సహా టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. ఆ ఫైలును ఎవరైనా మార్చగలరు కాబట్టి ఫోన్‌లోని అసలు చాట్‌ను చెరపకండి. సందేశాలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో కూడా ఒకసారి చూడండి. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్‌ను ఫొటోగా పంపితే అది కుదించుకుపోయి అక్షరాలు మసకబారుతాయి, ఫైలు లోపలి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

సమయం విషయంలో ఒక చిన్న చిక్కుంది. కొన్ని కంపెనీలు పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో సమయం మన గడియారం ప్రకారం కాకుండా యూటీసీ అనే ప్రపంచ సమయంలో ఉంటుంది. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. పదో తారీఖు తెల్లవారుజామున 1 గంటకు మీరు చేసిన చాట్ అందులో తొమ్మిదో తారీఖు రాత్రి 7:30 అని కనిపిస్తుంది. మీ స్క్రీన్‌షాట్‌లో ఒక తేదీ, వాళ్ల మెయిల్‌లో ఇంకో తేదీ ఉంటే ఏదో ఒకటి దొంగదన్న అనుమానం వస్తుంది. బిల్లు తేదీకి అటూ ఇటూగా రద్దు చేసినప్పుడు ఇది డబ్బు సమస్య కూడా అవుతుంది. ఫిర్యాదు రాసేటప్పుడే ఈ తేడాను ఒక్క వాక్యంలో వివరించండి.

అదే రోజు చేయాల్సిన ఇంకో పని, కంపెనీకి ఒక ఈమెయిల్. "ఈ రోజు ఫలానా చాట్ నంబరులో మీ ప్రతినిధి ఈ కింది విషయాలు చెప్పారు, ఏదైనా తప్పుంటే మూడు రోజుల్లో తెలియజేయండి" అని రాసి, మీ సారాంశం, బొమ్మలు జత చేయండి. వాళ్లు జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టేనని చట్టం అనదు. కానీ తగాదా మొదలైన నెలన్నరకు కాక, మాట ఇచ్చిన రోజే మీరు ఇది రాశారని ఆ మెయిల్ తేదీ చెబుతుంది. తర్వాత ఎవరూ మార్చలేని తేదీ అది.

ఆటోపే ఉంటే ఏజెంట్ తీసేస్తాడని ఊరుకోక మీ యూపీఐ యాప్‌లోకి వెళ్లి మీరే రద్దు చేసి, రద్దయినట్టు చూపే తెరను కూడా ఇదే ఫోల్డరులో పెట్టండి. అది డబ్బు కోత ఆపుతుంది గానీ బాకీని తీర్చదు. కనెక్షన్ రద్దయినట్టు రుజువు లేకపోతే బిల్లులు పెరుగుతూనే ఉంటాయి. రౌటర్ తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడి దగ్గర రసీదు అడగండి. ఇవ్వకపోతే సీరియల్ నంబరు కనిపించేలా రౌటర్‌కు ఫొటో తీసి, ఇచ్చేశానని అప్పటికప్పుడే కంపెనీకి మెయిల్ కొట్టండి.

కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తే ఈ ఫైళ్లు ఎలా నిలబడతాయో చెప్పాలి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులో ఉంది. అందులో సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి. వాటి ప్రతులు దాఖలు చేసేటప్పుడు ఒక ధ్రువపత్రం జత చేయాలని, దానిలో మొదటి భాగం రికార్డు సమర్పించేవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలని ఆ చట్టం నమూనా ఇచ్చింది. పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా గుర్తుంచుకోదగ్గది. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి చూపిస్తే ధ్రువపత్రం అవసరం లేదని, ప్రతి మాత్రమే ఇస్తే తప్పనిసరి అని ఆ తీర్పు. కాబట్టి చాట్ చేసిన ఫోన్‌ను తగాదా తేలకముందే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయవద్దు, రీసెట్ చేయవద్దు.

ఆ ధ్రువపత్రం నమూనాలో హ్యాష్ విలువ రాసే చోటు ఉంటుంది. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైలు ఉన్న ఫోల్డరులో ఇలా కొడితే 64 అక్షరాల హ్యాష్ వస్తుంది:

```
certutil -hashfile chat.pdf SHA256
```

దాన్ని కాపీ చేసి ఆ రోజే మీకు మీరే మెయిల్ చేసుకోండి. రెండేళ్ల తర్వాత అదే ఫైలుకు అదే హ్యాష్ వస్తే మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఐదారు వేల తగాదాకు ఇంత అవసరమా అంటే చాలాసార్లు ఉండదు. లక్షల ఫీజు కట్టిన కోచింగ్ కోర్సో, విదేశీ టూర్ ప్యాకేజీయో రద్దు చేసుకున్నప్పుడు మాత్రం ఈ ఒక్క నిమిషం పని వదలొద్దు.

వినియోగదారుల కమిషన్‌లో విచారణ అఫిడవిట్, దాఖలు చేసిన పత్రాల ఆధారంగా జరగాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 చెబుతోంది. అందువల్ల మీ పత్రాలు తేదీ వరుసలో, చదవడానికి వీలుగా ఉండటం చాలా ముఖ్యం. యాభై స్క్రీన్‌షాట్లు కుప్ప పోయవద్దు. ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం అచ్చు తీసి, హామీ ఉన్న వాక్యాల పక్కన గీత గీసి, ఆ పేజీ నంబరు ఫిర్యాదులో రాయండి. మొత్తం చాట్ ఇచ్చినప్పుడు మీకు ఇబ్బందిగా ఉండే వాక్యం ఉన్నా తీసేయకండి. మీరు ఏజెంటును కసిరి ఉండవచ్చు. ఒక వాక్యం తీసేశారని అవతలివాళ్లు చూపిస్తే మిగతా వందా నమ్మరు. సోషల్ మీడియాలో పెట్టే ప్రతిలో మాత్రం ఫోన్ నంబరు, ఖాతా నంబరు, చిరునామా చెరిపేయండి. అసలు ఫైలు అలాగే ఉంచండి.

1915 హెల్ప్‌లైన్‌తో తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి పరిష్కరించమని అడుగుతారు, ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. ఆదేశం కావాలంటే జిల్లా కమిషనే. టెలికాం తగాదాలు వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు లేదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. రద్దు చేసుకోవడాన్ని కావాలని చిక్కుముడిగా మార్చడాన్ని 2023 నవంబరు 30న కేంద్రం ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు కూడా నిషేధించాయి. మీ చాట్‌లో ఏజెంట్ మూడుసార్లు వేరే ప్యాకేజీ అంటగట్టబోయిన వాక్యాలుంటే, అవి కూడా ఈ ఫిర్యాదులో పనికొస్తాయి.

తగాదా తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, అదీ కంపెనీ ఆఫీసు ఉన్న ఊళ్లో కాదు, మీరు ఉంటున్న జిల్లాలోనే. ఆ రెండేళ్లూ మీ చాట్ ఫోల్డరును ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, రెండు చోట్ల ఉంచండి.